తప్పు లెక్కకు దొరికిన సరైన దూలం: ఒక ప్రాప్డ్ కాంటిలివర్ కేసు

ఈ కేసు నా మెకానిక్స్ క్లాసులోది. విద్యార్థిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, లెక్కలో మాత్రం ఏమీ మార్చలేదు. ఇంటిగ్రేషన్‌లో ఒక్క పొరపాటూ చేయని కుర్రాడు, ఒకే దూలానికి రెండుసార్లు రెండు వేర్వేరు తప్పు సమాధానాలు తెచ్చాడు. ఆ రెండూ మరో రెండు దూలాలకు అక్షరాలా సరైన సమాధానాలు. అందుకే దీన్ని రాసి పెట్టుకోవాలనిపించింది.

నేపథ్యం

అప్పటికి క్లాసులో డబుల్ ఇంటిగ్రేషన్ అయిపోయింది. అంటే ముందు రియాక్షన్లు కట్టి, బెండింగ్ మూమెంట్‌ను x లో రాసి, రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసి డిఫ్లెక్షన్ తేవడం. ఆ పద్ధతికి రియాక్షన్లు ముందే తెలిసి ఉండాలి. ఒక చివర గోడలో బిగించి, రెండో చివర రోలర్ మీద ఆనించిన దూలం, అంటే ప్రాప్డ్ కాంటిలివర్ దగ్గర ఆ దారి మూసుకుపోతుంది. గోడ దగ్గర ఒక బలం, ఒక మూమెంట్, రోలర్ దగ్గర ఇంకో బలం: తెలియనివి మూడు. సమతుల్యత ఇచ్చే సమీకరణాలు రెండే. అందుకని అక్కడి నుంచి లోడ్‌తోనే మొదలుపెడతాం. డిఫ్లెక్షన్ y ని కిందికి ధనంగా తీసుకుంటే:

```
EI y'''' = q
EI y = q x^4/24 + C1 x^3/6 + C2 x^2/2 + C3 x + C4
```

నాలుగు స్థిరాంకాలు ఉన్నాయి కనుక నాలుగు షరతులు కావాలి, ఒక్కో చివర రెండు చొప్పున. ఈ గుర్తుల పద్ధతిలో EI y'' అంటే సాగింగ్ మూమెంట్‌కు ఋణం, EI y''' అంటే షియర్‌కు ఋణం. సమీకరణం సులువే, చిక్కంతా ఆ నాలుగు షరతులను ఎంచుకోవడంలో ఉంది.

పేపర్‌లో ఏముంది

ఇచ్చిన లెక్క: పొడవు L, అంతటా సమానమైన లోడ్ q, x = 0 దగ్గర ఫిక్స్‌డ్, x = L దగ్గర సింప్లీ సపోర్టెడ్. అతని సమాధానం ఇది:

```
y = q x^2 (L - x)^2 / (24 EI)
```

పేపర్ శుభ్రంగా ఉంది, ప్రతి మెట్టూ రాశాడు. టిక్కు పెట్టబోయి ఆగాను. ఆపింది ఏ లెక్కా కాదు, ఆ సూత్రం ఆకారం. x బదులు L − x రాస్తే అది మారదు. అంటే వంపు మధ్యకు అటూ ఇటూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంది. దూలమేమో ఒక పక్క గోడలో, ఇంకో పక్క రోలర్ మీద. రెండు చివరలూ వేరైనప్పుడు వంపు సమానంగా ఎలా వస్తుంది?

అనుమానంతో y' లో x = L పెట్టి చూశాను. సున్నా వచ్చింది. రోలర్ మీద స్వేచ్ఛగా తిరగాల్సిన చివర ఏ మాత్రం తిరగలేదు. అది రెండు చివరలూ గోడల్లో బిగించిన దూలం సూత్రం.

వెనక్కి వెళ్లి షరతులు చూశాను. y(0) = 0, y'(0) = 0, y(L) = 0, ఈ మూడూ సరైనవే. నాలుగోది EI y'''(0) = −qL/2. గోడ దగ్గర రియాక్షన్ మొత్తం లోడ్‌లో సగం అని ముందే నిర్ణయించుకున్నాడు. C1 = −qL/2 అయింది, y(L) = 0 వల్ల C2 = qL²/12 వచ్చింది, మిగతాది దానంతటదే నడిచింది.

"సగమే అని ఎలా తెలిసింది?" అని అడిగాను.

"లోడ్ అంతటా సమానంగా ఉంది కదా సార్, చెరి సగం పడుతుంది."

మొదటి ప్రయత్నం, రెండో తప్పు

అక్కడే సరైన షరతు చెప్పేసి పంపొచ్చు. చెప్పలేదు. ఆ 'చెరి సగం' అతని మనసులో షరతుగా లేదు, నిజంగా ఉంది. నేను y''(L) = 0 అని చెబితే ఆ నిజం చెక్కుచెదరకుండా పక్కనే ఉండిపోతుంది. అందుకని అతనే వైరుధ్యం చూడాలని, రోలర్ దగ్గర బెండింగ్ మూమెంట్ ఎంతో తన సూత్రంలోంచే తీయమన్నాను. EI y''(L) = qL²/12 వచ్చింది. రోలర్ మూమెంట్‌ను పట్టలేదని అతనికి తెలుసు. తప్పు ఒప్పుకుని, సరిచేసి తెస్తానని వెళ్లాడు.

మర్నాడు తెచ్చింది ఇది:

```
y = q x (L^3 - 2 L x^2 + x^3) / (24 EI)
```

"రోలర్ దగ్గర మూమెంట్ సున్నా చేశాను సార్." నిజమే, చేశాడు. ఈసారి గోడ దగ్గర స్లోప్ qL³/(24EI). గోడలో బిగించిన చివరే తిరిగిపోయింది. ఇది రెండు పక్కలా సింప్లీ సపోర్టెడ్ దూలం సూత్రం.

జరిగింది ఊహించడం కష్టం కాదు. y''(L) = 0 చేర్చేసరికి షరతులు ఐదయ్యాయి, స్థిరాంకాలు నాలుగే. ఒకటి వదలాలి. 'చెరి సగం' ఉంచి, y'(0) = 0 వదిలేశాడు. దాన్నే ఎందుకు వదిలావని అడిగితే అతను చెప్పిన మాట నాకు బాగా పనికొచ్చింది: "రియాక్షన్ ఈక్విలిబ్రియం నుంచి వచ్చింది సార్, దాన్ని కాదనలేం. స్లోప్ సున్నా అనేది బొమ్మ చూసి అనుకున్నదే కదా."

అంటే అతను అజాగ్రత్తగా వదల్లేదు. తన దగ్గరున్న ఐదింటిలో బలమైనది, బలహీనమైనది వేరు చేశాడు. కాకపోతే బలమైనదని నమ్మిందే పునాది లేనిది. నిలువు బలాల సమతుల్యత చెప్పేది రెండు రియాక్షన్ల మొత్తం qL అని మాత్రమే. సగం సగం అని చెప్పేది మూమెంట్ల సమీకరణం, అది కూడా గోడ దగ్గర మూమెంట్ లేనప్పుడు. గోడ దగ్గర MA పరిమాణంలో మూమెంట్ ఉంటే గోడ చుట్టూ మూమెంట్లు తీసుకున్నప్పుడు రోలర్ రియాక్షన్ RB కి వచ్చేది వేరు:

```
RB = qL/2 - MA/L
```

MA తెలియకుండా RB తెలియదు. ఇంకాస్త ముందుకు వెళ్తే, రెండు చివరలా మూమెంట్లు ఉన్న దూలంలో రియాక్షన్లు చెరి సగం కావాలంటే ఆ రెండు మూమెంట్లూ సమానం కావాలి. రెండూ సున్నా అయితే సింప్లీ సపోర్టెడ్. రెండూ qL²/12 అయితే రెండు పక్కలా ఫిక్స్‌డ్. అతని రెండు తప్పు సమాధానాలు సరిగ్గా ఈ రెండే. సమరూపం ఉన్న దూలాలకు మాత్రమే చెల్లే మాటను పట్టుకుని లెక్క చేస్తే, సమీకరణం అతన్ని ఆ మాట చెల్లే దూలాల దగ్గరికే తీసుకెళ్లింది. సమీకరణం మీద నాకు గౌరవం పెరిగిన రోజది.

నేను చేసిన పొరపాటు

ఇంత తెలిశాక కూడా నేను దగ్గరి దారే పట్టాను. బోర్డు మీద ఒక పట్టిక గీశాను: ఫిక్స్‌డ్ అయితే y, y' సున్నా, సింప్లీ సపోర్టెడ్ అయితే y, y'' సున్నా, ఫ్రీ అయితే y'', y''' సున్నా. రియాక్షన్ ముందే రాయొద్దు, అది చివర్లో వస్తుంది అన్నాను. పది నిమిషాల్లో సరైన జవాబు తెచ్చాడు.

```
y(0)=0, y'(0)=0   ->  C4 = 0, C3 = 0
y''(L)=0          ->  q L^2/2 + C1 L + C2 = 0
y(L)=0            ->  q L^2/12 + C1 L/3 + C2 = 0
C1 = -5qL/8,  C2 = qL^2/8
y = q x^2 (L - x)(3L - 2x) / (48 EI)
```

గోడ దగ్గర రియాక్షన్ 5qL/8, రోలర్ దగ్గర 3qL/8, గోడ మూమెంట్ qL²/8. అన్నీ సరే. నాకు నమ్మకం కుదరలేదు. ఇంకో లెక్క ఇచ్చాను: అదే దూలం, లోడ్ తీసేసి, రోలర్ చివర ఒక కపుల్ M0 తో తిప్పాం, డిఫ్లెక్షన్ ఎంత?

అతను y''(L) = 0 అని రాశాడు. పట్టికలో అలాగే ఉంది మరి. లోడ్ లేదు, షరతులన్నీ సున్నాలు, కాబట్టి y అంతటా సున్నా వచ్చింది. దూలాన్ని తిప్పుతుంటే అది కదలడం లేదని తేలింది. ఆ జవాబును అతను కాసేపు చూసి, "ఏదో తేడాగా ఉంది సార్" అన్నాడు గానీ తేడా ఎక్కడుందో చెప్పలేకపోయాడు. తప్పు పట్టికది, అంటే నాది. సపోర్టు ఏం చేస్తుందో చెప్పకుండా సున్నాలు ఎక్కడ పెట్టాలో చెప్పాను.

పనిచేసింది

మరుసటి వారం పట్టిక చెరిపేసి వేరే చోట మొదలుపెట్టాను. దిండు మీద అరచేయి పెట్టి నొక్కుతున్నావనుకో. చెయ్యి ఎంత లోపలికి దిగాలో నువ్వు నిర్ణయించుకోవచ్చు, అప్పుడు ఎంత బలం పడుతుందో దిండు చెబుతుంది. లేదా ఎంత బలంతో నొక్కాలో నువ్వు నిర్ణయించుకోవచ్చు, అప్పుడు ఎంత దిగుతుందో దిండు చెబుతుంది. రెండూ నువ్వే నిర్ణయిస్తానంటే కుదరదు.

దూలం చివర అలాంటి జతలు రెండుంటాయి. డిఫ్లెక్షన్‌కు జత షియర్ ఫోర్స్. స్లోప్‌కు జత బెండింగ్ మూమెంట్. బలం స్థానభ్రంశంతో కలిసి పని చేస్తుంది, మూమెంట్ తిరుగుడుతో కలిసి పని చేస్తుంది, అందుకే అవి జతలు. ప్రతి చివరా, ప్రతి జతలోనూ ఒకటి మనకు ముందే తెలుసు, రెండోది జవాబుగా వస్తుంది. రెండు జతలకు రెండు షరతులు, రెండు చివరలకు నాలుగు. లెక్క సరిపోయింది.

ఇప్పుడు అతని పాత పేపర్ బయటికి తీశాం. గోడ దగ్గర y(0) = 0 రాశాడు, EI y'''(0) = −qL/2 కూడా రాశాడు. రెండూ ఒకే జతలోవి. చెయ్యి ఎంత దిగాలో, ఎంత బలం పడాలో రెండూ తనే నిర్ణయించాడు. చెబుతుండగానే అతని పెన్ను ఆ వరుస మీద ఆగింది. "అంటే రోలర్ దగ్గర స్లోప్, మూమెంట్ జతలో ఏదీ చెప్పనేలేదు నేను" అన్నాడు. ఆ మాట నేను అందించలేదు.

ఒక జతలో రెండు చెప్పి ఇంకో జతను ఖాళీగా వదిలినా మొత్తం నాలుగే అవుతుంది, స్థిరాంకాలు నాలుగూ నిక్షేపంగా దొరుకుతాయి. ఈ తప్పు కంటికి కనబడకపోవడానికి అసలు కారణం అదే. షరతులు నాలుగున్నాయా అని లెక్కబెట్టుకుంటే చాలదు, జతకు ఒకటి చొప్పున ఉన్నాయా అని చూడాలి.

కపుల్ లెక్క మళ్లీ ఇచ్చాను. రోలర్ దగ్గర డిఫ్లెక్షన్ తెలుసు, సున్నా. మూమెంట్ తెలుసు, కానీ సున్నా కాదు, M0. EI y''(L) = M0 అని రాసి, గోడ దగ్గర EI y''(0) = −M0/2 తెచ్చాడు. తిప్పిన చివర నుంచి బిగించిన చివరకు సగం మూమెంట్, గుర్తు మారి. మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ నేర్చుకున్నవాళ్లకు ఆ సగం పాత పరిచయమే. M0 ఏ దిశలో తిప్పితే ఏ గుర్తు పెట్టాలన్నది మాత్రం రెండోసారికి గానీ కుదరలేదు. జతల మాట గుర్తుల గొడవ తీర్చదు, అది విడిగా నేర్చుకోవాల్సిందే.

ఆ రోజే అతను ఒక మంచి ప్రశ్న వేశాడు: జతకు ఒకటి చొప్పున ఏది ఎంచుకున్నా జవాబు ఒక్కటే వస్తుందా? రాదు. రెండు చివరలా మూమెంట్, షియర్ మాత్రమే చెబితే దూలం గాలిలో తేలుతున్నట్టే. లోడ్, చివరి బలాలు ఒకదానికొకటి సరిపోతే లెక్కలేనన్ని జవాబులు, సరిపోకపోతే ఒక్కటీ లేదు. దూలం మొత్తంగా జరగకుండా, తిరగకుండా ఎక్కడో ఒకచోట పట్టి ఉంచాలి.

త్రాసు మీద 3/8

కాగితం మీద ఒప్పుకున్నా, 'చెరి సగం' అతని ముఖంలో ఇంకా కొంచెం మిగిలే ఉంది. ల్యాబ్‌లో 30 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న స్టీలు పట్టీ దొరికింది. ఒక చివర బల్లకు క్లాంప్‌తో బిగించి, రెండో చివర డిజిటల్ త్రాసు మీద పెట్టిన సన్నని గుండ్రటి కడ్డీపై ఆనించాం. క్లాంప్ అంచు నుంచి కడ్డీకి 800 మి.మీ. లోడ్ వేరే ఏమీ లేదు, పట్టీ సొంత బరువే సమానంగా పరిచిన లోడ్. ఆ పొడవుకు బరువు 188 గ్రాములు. కడ్డీ బరువు త్రాసులో ముందే సున్నా చేసేశాం. చెరి సగమైతే 94 గ్రాములు చూపాలి, 3/8 అయితే 71.

త్రాసు 77 చూపింది.

94 కాదని తేలినందుకు సంతోషించాలో, 71 కానందుకు బాధపడాలో తెలియలేదు. ముందు ఎత్తు తేడా అనుకున్నాం. ఆ పట్టీకి EI సుమారు 0.5 N·m². రోలర్ చివర ఒక మిల్లీమీటరు పైకి ఉంటే రియాక్షన్ 3EI/L³ చొప్పున పెరుగుతుంది, అది ఇక్కడ మిల్లీమీటరుకు 0.3 గ్రాములే. 6 గ్రాములు రావాలంటే 20 మి.మీ. తేడా ఉండాలి. అంత తేడా కంటికే కనబడేది.

అతనే క్లాంప్ దగ్గరికి వంగి చూశాడు. క్లాంప్ దవడలకు రబ్బరు తొడుగులున్నాయి. పట్టీ అంచు దగ్గర కాస్త కిందికి వాలి ఉంది. గోడ దగ్గర స్లోప్ θ అయితే రోలర్ రియాక్షన్ 3EIθ/L² పెరుగుతుంది, ఒక డిగ్రీకి దాదాపు 4 గ్రాములు. ఒకటిన్నర డిగ్రీ వాలితే చాలు, 77 వచ్చేస్తుంది. తొడుగులు తీసేసి, పట్టీకి పైనా కిందా మందపాటి ఇనుప ముక్కలు పెట్టి బిగించాం. త్రాసు 71కీ 72కీ మధ్య నిలిచింది. మధ్యలో పట్టీ దిగింది కూడా స్కేలుతో చూశాం, 10 మి.మీ. దగ్గర. అతని మొదటి సూత్రం ప్రకారం 5 మి.మీ. రావాలి, రెండో దాని ప్రకారం దాదాపు 25. నడిమధ్యన ఈ మూడు దూలాల డిఫ్లెక్షన్లు qL⁴/(384EI) కి 1, 2, 5 రెట్లు. మనది 2.

ఆ తర్వాత

ఇప్పుడు నేను క్లాసులో పట్టిక ఇవ్వడం లేదు. ఇంటిగ్రేషన్ మొదలుపెట్టక ముందే ప్రతి చివరకూ రెండు జతలు రాయించి, తెలిసిన దాని కింద గీత గీయిస్తాను. జవాబు వచ్చాక మొదట ఆకారం చూడమంటాను: చివరలు వేరైతే వంపు సమానంగా ఉందా, గోడ దగ్గర స్లోప్ సున్నానా, రోలర్ దగ్గర మూమెంట్ సున్నానా. ఈ మూడూ నాలుగు షరతుల్లోంచి తీసుకున్నవి కాబట్టి కొత్తగా ఏమీ చెప్పవని అనిపించవచ్చు. అతని రెండు పేపర్లనూ పట్టించినవి అవే, ఎందుకంటే అతను షరతులుగా పెట్టని వాటినే అవి అడిగాయి.

వారం తర్వాత అతను ఒక కాగితం తెచ్చాడు. రబ్బరు తొడుగులున్న క్లాంప్‌ను అటు పూర్తిగా ఫిక్స్‌డ్ అని గానీ, ఇటు సింప్లీ సపోర్టెడ్ అని గానీ అనకుండా, స్లోప్‌కు, మూమెంట్‌కు మధ్య ఒక స్ప్రింగ్ పెట్టాడు: EI y''(0) = k y'(0). జతలో ఒకటి తెలియడం బదులు రెండింటి మధ్య సంబంధం తెలిసినా సరిపోతుంది కదా సార్ అన్నాడు. k అనంతమైతే మన దూలం, సున్నా అయితే అతని రెండో పేపర్. త్రాసు చూపిన 77 గ్రాములను అందులో పెట్టి k విలువ తీశాడు: రేడియన్‌కు దాదాపు 5 N·m. పట్టీ సొంత బిగువు 3EI/L దగ్గర దగ్గర 1.9. అంటే ఆ రబ్బరు 'గోడ' పట్టీ కంటే రెండున్నర రెట్లకు కాస్త పైన మాత్రమే గట్టిది.